నెలల గీత మీద రెజ్యూమే

రెజ్యూమే చేతికి రాగానే ముందు ఒక గళ్ల కాగితం తీసుకుంటాను. పిల్లలు లెక్కలు చేసుకునే నోటుబుక్కులోదైతే చాలు. దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, గడికి ఒక నెల చొప్పున సంవత్సరాలు వేసుకుంటాను. బీటెక్ ఎప్పుడు పూర్తయింది, మొదటి ఉద్యోగం ఏ నెలలో మొదలైంది, ఎప్పుడు వదిలేశారు, రెండోది ఎప్పుడు దొరికింది, ఏ ప్రాజెక్టు ఎన్ని నెలలు నడిచింది అన్నవన్నీ ఆ గీత కింద వరుసగా దిగుతాయి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలకు మనుషుల్ని ఎంపిక చేసే పనిలో పదహారేళ్లుగా ఉన్నాను. ఇన్నేళ్లలో నాకు ఈ కాగితానికి మించి అక్కరకొచ్చిన పరికరం లేదు.

అమీర్‌పేట వైపు నాలుగు రోజులు తిరిగినవాళ్లకు ‘ఫేక్ పెట్టడం’ అన్న మాట కొత్త కాదు. చెయ్యని ఉద్యోగాన్ని చేసినట్టు రెజ్యూమేలో రాసుకోవడాన్ని అలా అంటారు. డబ్బు తీసుకుని ఆ పని చేసిపెట్టే కన్సల్టెన్సీలు ఉన్నాయి. వాళ్లు కంపెనీ పేరిస్తారు, ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ ఇస్తారు. ఒక ఫోన్ నంబరు కూడా ఇస్తారు. ఆ నంబరుకు చేస్తే ఎవరో ఎత్తి, “అవునండీ, మా దగ్గరే పనిచేశారు, మంచి అబ్బాయి” అని చెబుతారు. కాబట్టి ఫోన్ చేసి కనుక్కుంటే సరిపోతుందనుకోవడానికి లేదు. బయటి సాక్ష్యం కొనుక్కోవచ్చు. కానీ కాగితంలో ఒక మాటకూ ఇంకో మాటకూ పొత్తు కుదర్చడం డబ్బుతో అయ్యే పని కాదు.

ఎందుకంటే పెంచి రాసిన రెజ్యూమేను ఒక్క చెయ్యి రాయదు. తేదీలు కన్సల్టెన్సీవాళ్లు సర్దుతారు. నైపుణ్యాల జాబితా ఇంకొకరి రెజ్యూమేలోంచి వస్తుంది. సాధించిన ఘనతలు ఏదో నమూనాలోంచి ఎత్తినవి. చివరి ఉద్యోగం గురించి మాత్రం అభ్యర్థి సొంతంగా రాసుకుంటాడు. ఈ ముక్కలు ఒకదాన్నొకటి చూసుకోవు. నిజంగా పనిచేసిన మనిషి జీవితంలో అలా ఉండదు. ఫలానా ఏడాది ఫలానా కంపెనీలో ఉన్నాడు కాబట్టే ఆ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాడు, అది నేర్చుకున్నాడు కాబట్టే ఆ హోదా వచ్చింది, ఆ హోదా ఉంది కాబట్టే ఆ పని అతని చేతికి వచ్చింది. తేదీ, హోదా, నైపుణ్యం, ఘనత, ఈ నాలుగూ ఒకే కాండానికి కొమ్మలు. అవి ఒకే చెట్టువేనా అని చూడడమే నా పని.

ఒక రెజ్యూమేను మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. 2022 ఫిబ్రవరిలో నా బల్ల మీదికి వచ్చింది. మనిషి ఆనవాలు దొరక్కుండా కొన్ని వివరాలు మార్చాను, లెక్క మాత్రం మార్చలేదు.

పై వరుసలో ‘6 సంవత్సరాల 2 నెలల అనుభవం’ అని ఉంది. 2015లో బీటెక్ పూర్తి. 2015 డిసెంబరు నుంచి 2019 మే వరకు హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీలో ‘సీనియర్ డెవాప్స్ ఇంజినీర్’. 2019 జూన్ నుంచి ఇప్పటిదాకా బెంగళూరులోని ఒక మధ్యతరహా కంపెనీలో ‘క్లౌడ్ ఇంజినీర్’. గళ్లు లెక్కపెట్టాను. మొదటిది 42 నెలలు, రెండోది జనవరి చివరికి 32. మొత్తం 74 నెలలు, అంటే సరిగ్గా 6 సంవత్సరాల 2 నెలలు. కూడిక తప్పలేదు.

కూడిక దగ్గరే తేలిపోయే రెజ్యూమేలు చాలా వస్తాయి. కొందరు నెలలు రాయకుండా ‘2018–2019’ అని వదిలేస్తారు. 2018 డిసెంబరులో చేరి 2019 జనవరిలో మానేసినా అది 2018–2019 అవుతుంది, 2018 జనవరిలో చేరి 2019 డిసెంబరు దాకా ఉన్నా అంతే అవుతుంది. మొదటిది రెండు నెలలు, రెండోది ఇరవై నాలుగు. అందుకని నెలలు లేని చోట గీత గీయను, నెలలు రాసి పంపమని అడుగుతాను. ఇంకొందరి రెజ్యూమేలో ప్రాజెక్టుల నెలలన్నీ కలిపితే ఉద్యోగం చేసిన నెలల కంటే ఎక్కువ తేలతాయి. ఒకేసారి రెండు ప్రాజెక్టులు చేశారేమో, అదీ అడిగి తెలుసుకోవాల్సిందే.

ఈ అబ్బాయి విషయంలో గీత మీద అతుకు కనిపించింది. మే 31న ఒకటి ముగిసింది, జూన్ మొదట్లో ఇంకోటి మొదలైంది. మన సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో నోటీసు పీరియడ్ రెండు నెలలో మూడు నెలలో ఉంటుంది. ముందే చెప్పి, పద్ధతిగా బయటికొచ్చి, మర్నాడే చేరడం జరగనిదేమీ కాదు. కానీ హైదరాబాద్‌లో శుక్రవారం సంచి సర్దుకున్న మనిషి సోమవారం బెంగళూరులో పనిలో కూర్చున్నాడంటే పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టుకుంటాను. చుక్క అంటే నేరారోపణ కాదు. అక్కడ ఒక ప్రశ్న ఉందని గుర్తు.

రెండో చుక్క హోదా దగ్గర పడింది. బీటెక్ అయిన ఆరు నెలలకే మొదటి ఉద్యోగంలో మొదటి రోజు నుంచే ‘సీనియర్’. మూడున్నరేళ్ల తరవాత పెద్ద కంపెనీకి వెళితే ఆ ‘సీనియర్’ ఊడిపోయింది. సాధారణంగా ట్రైనీగా చేరతారు, ఇంజినీరవుతారు, నాలుగైదేళ్లకు సీనియరవుతారు. ఈ గీత మీద మెట్లు పైనుంచి కిందికి దిగుతున్నాయి. హోదాల విషయంలో మాత్రం తొందరపడకూడదు. పదిమంది ఉన్న కంపెనీలో పెద్ద పేర్లు ఉదారంగా పంచుతారు. పెద్ద పెట్టుబడి బ్యాంకుల్లో ‘వైస్ ప్రెసిడెంట్’ అంటే మధ్యస్థాయి ఉద్యోగే. పేరు ఒక్కటే చూసి పెంచి రాశారనడం అన్యాయం. హోదా కింద రాసిన పని ఆ హోదాకు తగ్గట్టు ఉందా అనేదే అసలు ప్రశ్న.

మూడో చుక్క చాలా ముఖ్యమైనది. మొదటి ఉద్యోగం కింద ఇలా ఉంది: 2016 జనవరి నుంచి డిసెంబరు వరకు నలభై మైక్రోసర్వీసులను అమెజాన్ ఈకేఎస్ మీదికి మార్చాను. ఈకేఎస్ అంటే కుబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్‌ను అమెజాన్ తానే నడిపించి అద్దెకిచ్చే సేవ. దాన్ని అమెజాన్ 2017 నవంబరులో ప్రకటించింది, అందరికీ అందుబాటులోకి తెచ్చింది 2018 జూన్‌లో. కుబర్నెటీస్ తొలి పూర్తి వెర్షనే 2015 జూలైలో వచ్చింది. 2016లో దాన్ని ఈకేఎస్ మీద నడపడమంటే వేయని రైలు పట్టాల మీద ప్రయాణం చేసినట్టే.

ప్రతి సాధనానికీ ఒక పుట్టినరోజు ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చాలా రెజ్యూమేల గుట్టు అక్కడే తెలుస్తుంది. డాకర్ 2013లో బయటికొచ్చింది. ఫోన్ యాప్‌లకు వాడే ఫ్లట్టర్ తొలి పూర్తి వెర్షన్ 2018 డిసెంబరులో వచ్చింది. జీఎస్‌టీ అమలు 2017 జూలై 1న మొదలైంది కనుక, 2015లో ఎవరూ జీఎస్‌టీ రిటర్నులు దాఖలు చేసి ఉండరు. అకౌంట్స్ ఉద్యోగాలకు వచ్చే రెజ్యూమేల్లో ఈ పొరపాటు నేను చూశాను. చదువుకూ ఇదే లెక్క. మన జేఎన్‌టీయూ హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది 2008లో. 2006లో పాసైనవాళ్లు రెజ్యూమేలో ‘జేఎన్‌టీయూ కాకినాడ’ అని రాసుకుంటే తప్పుపట్టను, ఇప్పటి పేరు అదే కదా. కానీ 2006 నాటి పట్టా అంటూ చూపించే కాగితం మీద ఆ విశ్వవిద్యాలయం పేరు అచ్చయి ఉంటే అది 2006లో అచ్చయింది కాదు.

ఇంత చిన్న తేదీ లెక్కే అమెరికాలో ఒక పెద్ద కంపెనీ అధిపతి పదవిని పోగొట్టింది. 2012లో యాహూ సీఈఓగా ఉన్న స్కాట్ థాంప్సన్ పరిచయంలో స్టోన్‌హిల్ కాలేజీ నుంచి అకౌంటింగ్, కంప్యూటర్ సైన్స్ రెండింటిలో డిగ్రీ ఉన్నట్టు రాశారు. ఆయన చదువు పూర్తయింది 1979లో. ఆ కాలేజీ కంప్యూటర్ సైన్స్‌లో డిగ్రీ ఇవ్వడం మొదలుపెట్టింది 1983లో. యాహూ వాటాదారుల్లో ఒకరైన డాన్ లోబ్ ఆ సంగతి మే నెల మొదట్లో ఒక లేఖలో బయటపెట్టారు. పది రోజులకే థాంప్సన్ పదవి నుంచి తప్పుకున్నారు. అక్కడ ఎవరూ గూఢచారుల్ని పెట్టలేదు. రెండు సంవత్సరాలు పక్కపక్కన రాసి చూశారు, అంతే.

ఇక్కడ కంపెనీల తప్పు కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2020 జూలైలో సెబాస్టియన్ రామిరెజ్ అనే ప్రోగ్రామర్ ఒక ఉద్యోగ ప్రకటన గురించి ట్విట్టర్‌లో రాశారు. అందులో ఫాస్ట్ఏపీఐ అనే సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్లకు పైగా అనుభవం కావాలని అడిగారు. దాన్ని తయారుచేసిందే ఆయన, అదీ ఏడాదిన్నర కిందట. సృష్టించినవాడికే లేని అనుభవాన్ని అడిగితే, నిజం రాసినవాడి దరఖాస్తు మొదటి వడపోతలోనే పోతుంది. తప్పుడు ప్రకటన తప్పుడు రెజ్యూమేను పుట్టిస్తుంది. మా దగ్గర ప్రకటన రాసేటప్పుడు కూడా నేను ఈ పుట్టినరోజుల పట్టీ దగ్గర పెట్టుకుంటాను.

మళ్లీ మన రెజ్యూమేకు వద్దాం. ఘనతల దగ్గర మూడు వాక్యాలున్నాయి. ‘ఏడాది పొడవునా 99.999 శాతం సమయం సేవలు ఆగకుండా నడిపాను’ అనేది మొదటిది. ‘ప్రతివారం కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు సేవలు ఆగే సమయాన్ని రెండు గంటల నుంచి పదిహేను నిమిషాలకు తగ్గించాను’ అనేది రెండోది. విడివిడిగా చదివితే రెండూ బాగున్నాయి. పక్కపక్కన పెట్టి లెక్క కట్టండి. ఏడాదికి 5,25,600 నిమిషాలు. 99.999 శాతం నడిచిందంటే ఆగింది ఏడాది మొత్తానికి ఐదుంపావు నిమిషాలు. వారానికి పదిహేను నిమిషాలు ఆగితే 52 వారాలకు 780 నిమిషాలు, అంటే పదమూడు గంటలు. పదమూడు గంటలు ఆగిన వ్యవస్థ 99.85 శాతమే నడిచినట్టు. ఈ రెండు వాక్యాలూ ఒకే వ్యవస్థ గురించి, ఒకే ఏడాదిలో నిజం కాలేవు. ముందే చెప్పి ఆపే సమయాన్ని కొన్ని ఒప్పందాల్లో లెక్కలోకి తీసుకోరు, ఆ వివరణకు అవకాశం ఉంది. నిజంగా ఆ పని చేసినవాడైతే ఆ మాట అడక్కుండానే చెబుతాడు. ఎందుకంటే ఆ లెక్క మీద క్లయింటుతో వాదించింది అతనే.

మూడో వాక్యం: ‘25 మంది టీమ్‌ను నడిపి, సర్వర్ల ఖర్చు 60 శాతం తగ్గించి ఏటా రెండు కోట్లు ఆదా చేశాను.’ శాతం, మొత్తం రెండూ ఇచ్చినప్పుడు వెనక్కి లెక్క కట్టొచ్చు. అరవై శాతం రెండు కోట్లయితే అసలు ఖర్చు మూడు కోట్ల ముప్పై మూడు లక్షలు. అంటే నెలకు దాదాపు ఇరవై ఎనిమిది లక్షలు ఒక్క సర్వర్లకే. చిన్న కంపెనీ అని రాసుకున్న చోట అది చాలా పెద్ద బిల్లు. క్లయింటు కంపెనీ సర్వర్లు కావచ్చు. అయితే ఏ క్లయింటో, ఏ రంగమో ఒక్క ముక్కయినా ఉండాలి. లేదు.

ఇదే రెజ్యూమేలో బెంగళూరు ఉద్యోగం కింద ఉన్న ఒక వాక్యం చూడండి: ‘పద్నాలుగు సర్వర్లలో లాగ్ ఫైళ్లు నిండిపోయి రాత్రిళ్లు ఆగిపోతుంటే, వాటిని రోజూ కుదించి పాతవి తొలగించే స్క్రిప్టు రాశాను.’ గొప్పగా ఏమీ లేదు. శాతాలు లేవు, కోట్లు లేవు. కానీ పద్నాలుగు అన్న అంకె ఉంది, ఏం జరిగేదో ఉంది, ఏం చేశాడో ఉంది, అది రెండేళ్ల అనుభవం ఉన్న ఇంజినీరు చేతికి వచ్చే పనే. ఇది ఈ మనిషి సొంత చేత్తో రాసిందని చదవగానే అనిపించింది. పైన ఉన్నవి రాసిన చెయ్యి వేరు.

ఫోన్ చేశాను. నిలదీసినట్టు మాట్లాడడం నాకు ఇష్టం ఉండదు, దానివల్ల నిజం కూడా తెలియదు. ముందు బెంగళూరు సంగతి అడిగాను.

“ఆ లాగ్ ఫైళ్ల గొడవ మీకెలా తెలిసింది?”

“రాత్రి రెండున్నరకి ఫోనొచ్చింది మేడమ్. `/var/log` 98 శాతం నిండిపోయింది. ముందు చేత్తోనే ఫైళ్లు తీసేశాను. డిస్క్‌లో చోటు ఖాళీ కాలేదు. ఆ ఫైల్‌ను ప్రోగ్రామ్ ఇంకా తెరిచే ఉంచిందని తెల్లారాక అర్థమైంది.”

లినక్స్‌లో వాడుకలో ఉన్న ఫైల్‌ను తొలగించినా చోటు వెంటనే ఖాళీ కాదు. ఆ చిక్కులో పడి లేచినవాళ్లు చెప్పే మాట అది. ఆపకుండా పది నిమిషాలు చెప్పాడు, రెండు చోట్ల తను చేసిన పొరపాట్లు కూడా చెప్పాడు. తరవాత హైదరాబాద్ సంగతి అడిగాను.

“వారం వారం కొత్త వెర్షన్ పెట్టేవాళ్లు కదా. సేవలు ఆపేది ఏ రోజు, ఏ వేళప్పుడు?”

కాసేపు మాట లేదు. “అది... క్లయింటును బట్టి ఉండేది మేడమ్.”

“ఎక్కువసార్లు ఎప్పుడు?”

“వీకెండ్‌లో మేడమ్.”

“ఈకేఎస్‌లో మొదటి క్లస్టర్ పెట్టింది ఏ నెలలో?”

“2016 మార్చిలో.”

నేను వాదించలేదు. ఈకేఎస్ వచ్చిన తేదీ చెప్పి, “మీరు సొంతంగా సర్వర్ల మీద కుబర్నెటీస్ పెట్టుకుని, పేరు తరవాత మార్చి రాశారా?” అని అడిగాను. ఆ దారి ఉంది. 2016లో చాలామంది అలాగే చేసేవాళ్లు. నిజంగా చేసినవాడికి అది తేలిగ్గా అందుకునే తాడు. అతను అందుకోలేదు. చాలాసేపు ఆగి, “రేపు మాట్లాడతాను మేడమ్” అన్నాడు.

ఈ లోపు కాగితాలు చూశాను. ఆఫర్ లెటర్ మీద తేదీ 2015 నవంబరు. కింద కంపెనీ గుర్తింపు సంఖ్య అచ్చయి ఉంది. మన దేశంలో రిజిస్టరైన ప్రతి కంపెనీకీ ఇరవై ఒక్క అక్షరాలూ అంకెల సంఖ్య ఒకటి ఇస్తారు. దాని నడుమ రాష్ట్రం రెండక్షరాల్లో, కంపెనీ పుట్టిన సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి. ఈ కాగితం మీద ఆ భాగం `TG2017PTC` అని ఉంది. 2017లో పుట్టిన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ 2015లో లెటర్ ఇవ్వలేదు. అంతకుముందు అది సొంత సంస్థగా నడిచి, తరవాత కంపెనీగా మారి ఉండొచ్చు. అలాంటప్పుడైనా 2015 నాటి కాగితం మీద 2017 సంఖ్య ఉండదు. ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో ఒక సంస్థ ఏ నెల ఎంతమందికి పీఎఫ్ కట్టిందో ఎవరైనా చూడొచ్చు. ఆ కంపెనీ ఏ నెలలోనూ 22 మందికి మించి కట్టలేదు. ఇతని టీమ్‌లోనే 25 మంది. జీతం ఎక్కువున్న కొందరు పీఎఫ్ పరిధిలోకి రాకపోవచ్చు కనుక ఈ అంకెను ఒంటరిగా నమ్మను. మిగతా చుక్కల పక్కన పెట్టుకుంటాను.

అభ్యర్థి సొంత పీఎఫ్ వివరాలు మాత్రం నేను తెరవను, తెరవకూడదు కూడా. అతనే ఈపీఎఫ్ఓ పోర్టల్‌లోకి వెళ్లి, తన యూఏఎన్ కింద ఉన్న ఉద్యోగాల చరిత్రను వీడియో కాల్‌లో చూపిస్తాడు. పాస్‌వర్డు గానీ ఓటీపీ గానీ అడిగేవాళ్లను నమ్మొద్దని అభ్యర్థులకు నేనే చెబుతాను. స్క్రీన్‌షాట్ తీసుకోను, దాన్ని మార్చడం పావుగంట పని. ఒక విషయం ఈ పని చేసేవాళ్లకే తెలుస్తుంది. కొన్ని కన్సల్టెన్సీలు ఈ తనిఖీ సంగతి తెలిసి, పాత నెలలకు ఇప్పుడు పీఎఫ్ కడుతున్నాయి. పాస్‌బుక్‌లో జీతం నెల ఒక గడిలో, డబ్బు జమైన తేదీ ఇంకో గడిలో ఉంటాయి. పద్ధతిగా కట్టే సంస్థ ప్రతినెలా తరవాతి నెల పదిహేనో తేదీలోపు జమ చేస్తుంది. పద్దెనిమిది నెలల పీఎఫ్ ఒకే రోజున జమైతే, ఆ రోజే ఆ ఉద్యోగం పుట్టిందని అనుమానించాలి. బకాయి పడి ఒకేసారి కట్టిన నిజమైన కంపెనీలూ ఉంటాయి. అలాంటప్పుడు అదే కాలానికి బ్యాంకులో జీతం పడిందా అని చూస్తే తేలిపోతుంది.

మర్నాడు అతనే ఫోన్ చేశాడు. “హైదరాబాద్‌ది లేదు మేడమ్” అన్నాడు. చదువయ్యాక రెండేళ్లు గ్రూప్స్‌కు, తరవాత బ్యాంకు పరీక్షలకు చదివాడు. మధ్యలో నాన్నగారి ఎరువుల దుకాణంలో కూర్చున్నాడు. 2018 చివర్లో అమీర్‌పేట వచ్చి కోర్సు చేశాడు. 2019 జూన్‌లో బెంగళూరులో ట్రైనీగా చేరాడు. యూఏఎన్ చరిత్రలో ఉన్నది ఆ ఒక్క సంస్థే. మూడున్నరేళ్ల ఖాళీ చూసి ఎవరూ ఇంటర్వ్యూకు పిలవడం లేదని, కన్సల్టెన్సీకి డబ్బు కట్టి దాన్ని నింపించుకున్నాడు.

దొంగ లెటర్ ఇచ్చినవాళ్లను తీసుకోకూడదని మా నిబంధన. ఆ మాటే చెప్పాను. ఫోన్ పెట్టేసే ముందు అడిగాడు, “రెండేళ్ల ఎనిమిది నెలలని రాసుంటే పిలిచేవారా మేడమ్?” పిలిచేవాళ్లం. మూడేళ్లలోపు వాళ్లకు అదే టీమ్‌లో రెండు ఖాళీలున్నాయి, ఆ లాగ్ ఫైళ్ల కథ చెప్పిన మనిషిని వదులుకునేవాళ్లం కాదు. ఆ మాట కూడా చెప్పాను. చెప్పాలో వద్దో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు చెప్పడమే సరైందనుకుంటున్నాను.

అమెరికా వెళ్లాలనుకునే పిల్లలకు ఈ అతుకు ఇంకా ప్రమాదకరం. వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో పాత ఉద్యోగాల వివరాలు తేదీలతో సహా అడుగుతారు. చదువుకోవడానికి వెళ్లేటప్పుడు అందులో ఒకటి రాసి, అక్కడ ఉద్యోగం వెతికేటప్పుడు కన్సల్టెన్సీ చేతిలో అదే కాలానికి ఇంకో అనుభవం తగిలించుకుంటే, రెండు గీతలు రెండు చోట్ల భద్రంగా ఉండిపోతాయి. ఏళ్ల తరవాత ఎవరో ఒకరు వాటిని పక్కన పెట్టి చూడొచ్చు. ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పి వీసా కోరారని తేలితే, అక్కడి వలస చట్టం ప్రకారం జీవితాంతం ప్రవేశానికి అనర్హత పడే అవకాశం ఉంది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. పొత్తు కుదరకపోతే ఏదో తప్పుందని తెలుస్తుంది, పొత్తు కుదిరినంత మాత్రాన నిజమని తేలదు. తెలివిగా ఒకే చేత్తో రాసిన అబద్ధం నా గళ్ల కాగితాన్ని దాటిపోతుంది. అలాంటివి దాటిపోయే ఉంటాయి. అంతకంటే నన్ను భయపెట్టేది రెండోవైపు తప్పు. నిజాయితీపరుల జీవితాలు గజిబిజిగా ఉంటాయి. ఒక కంపెనీలో పనిచేస్తూ వేరే కంపెనీ నుంచి జీతం తీసుకునే కాంట్రాక్టు ఉద్యోగులుంటారు. వాళ్ల రెజ్యూమేలో ఒక పేరు, పీఎఫ్‌లో ఇంకో పేరు కనిపిస్తుంది. ఇరవై మంది లేని సంస్థలో చేసినవాళ్లకు పీఎఫ్ ఉండకపోవచ్చు. పాత సంస్థ వదిలిన తేదీ నమోదు చెయ్యకపోతే రెండు ఉద్యోగాలు ఒకేసారి చేసినట్టు కనిపిస్తుంది.

అదే ఏడాది ఒక మహిళ రెజ్యూమే వచ్చింది. 2008 నుంచి 2014 వరకు టెక్ మహీంద్రా, హైదరాబాద్ అని రాశారు. తరవాత ఆరేళ్లు ఖాళీ, 2020 నుంచి ఒక చిన్న సంస్థ. జతచేసిన ఆఫర్ లెటర్ మీద కంపెనీ పేరు వేరే ఉంది. రిలీవింగ్ లెటర్ మీద మాత్రం టెక్ మహీంద్రా అని ఉంది. మా దగ్గర కొత్తగా చేరిన ఒకబ్బాయి దాని మీద ఎర్ర సిరాతో ‘కంపెనీ పేరు సరిపోలేదు, ఆరేళ్ల గ్యాప్, తిరస్కరించవచ్చు’ అని రాసి నాకు పంపాడు. పాపం, అతనికి 2009 నాటికి పన్నెండేళ్లు కూడా ఉండవు.

ఆఫర్ లెటర్ మీద ఉన్న పేరు సత్యం కంప్యూటర్ సర్వీసెస్. 2009 జనవరిలో దాని ఖాతాల మోసం బయటపడింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దాన్ని చేజిక్కించుకుంది. మహీంద్రా సత్యం అని పేరు మారింది. 2013 జూన్‌లో టెక్ మహీంద్రాలో విలీనమైంది. ఆమె మూడు పేర్లున్న కంపెనీలో ఒకే ఉద్యోగం చేశారు. గీత మీద ఆ మూడు పేర్లూ, ఆ సంవత్సరాలూ వేసి చూస్తే కాగితాలన్నీ తమ తమ గళ్లలో చక్కగా కూర్చున్నాయి. రాసిన నైపుణ్యాలు కూడా ఆ కాలానివే. 2014 తరవాత పుట్టిన ఒక్క సాధనం పేరూ పాత ఉద్యోగం కింద లేదు. కొత్తవన్నీ 2020 తరవాతే ఉన్నాయి. ఆరేళ్ల ఖాళీని ఆమె నింపలేదు, ‘ఇద్దరు పిల్లల పెంపకం, ఇంటి దగ్గర’ అని ఒక్క వరుసలో రాసి వదిలేశారు.

ఇంటర్వ్యూ రోజున ఆమెను పాత రోజుల గురించి ఒకటే అడిగాను, 2009 జనవరిలో ఆఫీసులో ఎలా ఉండేదని. జీతం పడుతుందో లేదో తెలియక, తన టీమ్‌లో తొమ్మిదిమంది క్యాంటీన్‌లో కూర్చుని ఎవరి ఇంటి అద్దె ఎంతో లెక్కలు వేసుకున్నారని చెప్పారు. ఎర్ర సిరాతో రాసిన అబ్బాయి నా పక్కనే కూర్చుని విన్నాడు. బయటికొచ్చాక ఆ కాగితం తీసుకుని, తను రాసినదాన్ని కొట్టేసి, కింద కంపెనీ మూడు పేర్లూ సంవత్సరాలతో సహా రాసిపెట్టాడు.